దోహాలోనే మొదలైపోయే గడియారం: విదేశాల్లో రోమింగ్ ప్యాక్ లెక్కలు

విజయవాడ నుంచి డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి అయిదు నెలల కోసం బయల్దేరిన ఒక జంటను ఊహించుకుందాం. ఇలాంటి ప్రయాణం మన ఇళ్లలో ఇప్పుడు కొత్త కాదు. ఆయన రిటైరైన ఉద్యోగి, ఫోన్ పోస్ట్‌పెయిడ్. ఆవిడది ప్రీపెయిడ్. పెన్షన్ పడే ఖాతా, ఆధార్, గ్యాస్ బుకింగ్, బీమా పాలసీలు అన్నిటికీ ఆయన నంబరే ఇచ్చి ఉంది. ఆవిడ పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లకు ఆవిడ నంబరు. వెళ్లేముందు ఆయన ఒక రోమింగ్ ప్యాక్ తీసుకున్నారు. ఆవిడకు మాత్రం తీసుకోలేదు. నెల కిందటే 84 రోజుల ప్లాన్ వేయించారు, రోజుకు 2 జీబీ వస్తోంది. అంత డేటా ఉండగా ఇంకో ప్యాక్ ఎందుకన్నది ఆయన లెక్క.

ఆ లెక్కలోనే తప్పుంది. ఆ 2 జీబీలో ఒక్క ఎంబీ కూడా ఆవిడతో పాటు విమానం ఎక్కదు. ఆయన తీసుకున్న ప్యాక్‌తోనూ చిక్కు లేకపోలేదు. దాని గడువు డాలస్‌లో కాదు, దోహాలో విమానం మారేటప్పుడే మొదలైపోవచ్చు. ఈ ఇద్దరి ఫోన్లను హైదరాబాద్ విమానాశ్రయం నుంచి వెంబడిస్తే, రోమింగ్ ప్యాక్ అంటే ఏమిటో, మామూలు ప్లాన్‌కు దానికి తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

సొంత ప్లాన్ సరిహద్దు దాటదు

మన దేశంలో రోమింగ్ అన్న మాటే జనం మరిచిపోయారు. హైదరాబాద్ సిమ్‌తో ఢిల్లీ వెళ్లినా గువాహటి వెళ్లినా అదే డేటా, అవే కాల్స్. ఒకప్పుడు రాష్ట్రం దాటితే ఇన్‌కమింగ్ కాల్‌కు కూడా డబ్బు కట్టిన సంగతి ముప్పై ఏళ్లు దాటినవాళ్లకే గుర్తుండాలి. ఈ అలవాటు వల్లే, దేశం దాటినా ప్లాన్ ఎంతో కొంత పనిచేస్తుందన్న భ్రమ కలుగుతుంది.

దేశం లోపల టవర్లు మన ఆపరేటర్‌వే. డాలస్‌లో మన ఆపరేటర్‌కు టవర్ లేదు. అక్కడి కంపెనీ టవర్‌ను వాడుకుని, వాడినంతకు ఆ కంపెనీకి డబ్బు చెల్లించాలి. ఈ టోకు ధర రెండు కంపెనీల మధ్య ఒప్పందం ప్రకారం ఉంటుంది, దేశానికో రకంగా మారుతుంది. మనం ఇక్కడ కట్టే నెలవారీ ప్లాన్ డబ్బులో ఈ ఖర్చు లేదు. అందుకే ప్లాన్‌లో రాసిన రోజుకు 2 జీబీ, అపరిమిత కాల్స్ భారత భూభాగానికే పరిమితం.

బయటి దేశంలో ప్యాక్ లేకుండా ఫోన్ వాడితే విడి ధర పడుతుంది. ఆ ధర ఆపరేటర్‌ను బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. అది ఏ స్థాయిలో ఉండగలదో తెలియడానికి ఒక లెక్క చూడండి. 10 కేబీకి 5 రూపాయలు అనుకుందాం. చూడటానికి చిల్లర మొత్తమే. కానీ ఒక ఎంబీలో 1,024 కేబీ ఉంటాయి, అంటే ఎంబీకి 512 రూపాయలు. వాట్సాప్‌లో మనవడి ఫొటోలు పది తెరిస్తే ఒకటి రెండు ఎంబీలు పోతాయి. ఫోన్ జేబులో ఉండగానే యాప్‌లు తమంతట తాము అప్‌డేట్ అయితే వందల ఎంబీలు. వేలు, లక్షల బిల్లు వచ్చిందన్న వార్తలు అప్పుడప్పుడు చదివేవాళ్లకు ఆ మొత్తం ఎలా పుడుతుందో ఇక్కడ అర్థమవుతుంది. ప్రీపెయిడ్‌లో ఈ ప్రమాదం తక్కువ. బ్యాలెన్స్ అయిపోతే ఆగిపోతుంది. పోస్ట్‌పెయిడ్‌లో పరిమితి లేకపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది. పైగా వాడకం వివరాలు విదేశీ కంపెనీ నుంచి మన ఆపరేటర్‌కు చేరడానికి గంటలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది. అందువల్ల హెచ్చరిక మెసేజ్ వచ్చేసరికే ఆలస్యమైపోవచ్చు.

రోమింగ్ ప్యాక్ అంటే ఈ టోకు ఖర్చును ముందుగానే ఒక మొత్తంగా కట్టేయడం. మామూలు ప్లాన్‌కు అది పొడిగింపు కాదు, దాని పక్కన పెట్టుకునే ఇంకో సంచి. ఇన్ని రోజులు, ఇంత డేటా, ఇన్ని నిమిషాలు, ఫలానా దేశాలు అని దానికి వేరే షరతులుంటాయి.

రెండు మీటలు, రెండు వేర్వేరు పనులు

ఆయన ఫోన్లోనూ ఆవిడ ఫోన్లోనూ బయల్దేరేముందు చూడాల్సింది ఒకటుంది. చాలామంది దీన్ని ఒకే విషయం అనుకుంటారు, నిజానికి రెండు.

మొదటిది, ఆపరేటర్ వైపు అంతర్జాతీయ రోమింగ్ సేవ. ఇది ఆన్‌లో ఉంటేనే సిమ్ విదేశీ నెట్‌వర్క్‌లో నమోదవుతుంది. లేకపోతే ఫోన్ తెర మీద సిగ్నల్ ఉండదు, కాల్ రాదు, మెసేజ్ రాదు. దీన్ని యాప్‌లోనో, కస్టమర్ కేర్ ద్వారానో ఇక్కడ ఉండగానే ఆన్ చేయించుకోవాలి. ప్యాక్ కొంటే చాలాచోట్ల ఇదీ దానంతట అదే ఆన్ అవుతుంది. కానీ ఆవిడ ప్యాక్ కొనలేదు కదా.

రెండోది, ఫోన్ సెట్టింగ్స్‌లో Data Roaming అని కనిపించే మీట. ఇది కేవలం డేటాకు సంబంధించింది. దీన్ని ఆపేసినా మెసేజ్‌లు వస్తాయి, కాల్స్ వస్తాయి.

బ్యాంకు ఓటీపీకి కావాల్సింది మొదటిది మాత్రమే. భారతీయ ఆపరేటర్ల దగ్గర రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా చార్జీ ఉండదు. కాబట్టి ఆవిడ ఫోన్లో రోమింగ్ సేవ ఆన్‌లో ఉండి, డేటా మీట ఆఫ్‌లో ఉంటే, పైసా ఖర్చు లేకుండా ఓటీపీలు అందుతాయి. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. బిల్లు భయంతో సిమ్ తీసేస్తారు, లేదా ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫైతో నడిపిస్తారు. వాట్సాప్ చక్కగా పనిచేస్తుంది కాబట్టి అంతా బాగుందనే అనుకుంటారు. బ్యాంకులో లాగిన్ అవ్వాల్సిన రోజున ఓటీపీ రాదు. అప్పుడు రోమింగ్ సేవ ఆన్ చేయమని కస్టమర్ కేర్‌ను అడిగితే, ధ్రువీకరణ కోసం వాళ్లూ అదే నంబరుకు ఓటీపీ పంపుతామంటారు.

గడువు ఎప్పుడు మొదలవుతుంది?

ఇప్పుడు విమానం దగ్గరికి వద్దాం. తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఎక్కి, దోహాలో స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 6 గంటలకు దిగారనుకుందాం. ఆయన ఫోన్ ఆన్ చేశారు, ‘చేరాం’ అని కూతురికి మెసేజ్ పెట్టాలి. ఫోన్ ఖతార్ నెట్‌వర్క్‌ను పట్టుకుంది.

ప్యాక్‌ల గడువు రెండు రకాలుగా మొదలవుతుంది. కొన్నిటిలో కొన్న క్షణం నుంచి, లేదా కొనేటప్పుడు మనం ఎంచుకున్న తేదీ నుంచి. మరికొన్నిటిలో విదేశీ నెట్‌వర్క్‌లో మొదటిసారి నమోదైనప్పుడు, లేదా అక్కడ మొదటి కాల్, మొదటి డేటా వాడినప్పుడు. రెండోదే ప్రయాణికుడికి మేలు. కాకపోతే ఆయన ప్యాక్ వందకు పైగా దేశాలకు చెల్లేది అయితే, ఆ జాబితాలో ఖతార్ కూడా ఉంటుంది. అంటే దోహాలో పంపిన ఆ ఒక్క మెసేజ్‌తో గడియారం మొదలైంది.

పది రోజుల ప్యాక్‌కు ఇది పెద్ద నష్టం కాదు. అదే ఒక్క రోజు ప్యాక్ అయితే చూడండి. దోహాలో 9 గంటలకు ఎక్కితే డాలస్‌కు సుమారు 16 గంటలు. దిగేసరికి అక్కడ సాయంత్రం 5. ప్యాక్ మొదలై అప్పటికే 19 గంటలు. ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను, అన్నీ అయి బయటికొచ్చేసరికి 7 అయిందనుకుంటే, 24 గంటల ప్యాక్‌లో మిగిలేది మూడు గంటలు. అసలు అవసరమైంది ఆ మూడు గంటలకే. మధ్యలో 16 గంటలు విమానంలో ఊరికే కరిగిపోయాయి.

రోజు అన్న మాటకు ఆపరేటర్ ఇచ్చే అర్థం 24 గంటలు కాకపోతే ఇంకా ఇబ్బంది. కొన్ని ప్యాక్‌లలో రోజు అంటే భారత కాలమానంలో అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. మన అర్ధరాత్రి అయ్యేసరికి దోహాలో రాత్రి 9.30. ఆయన ఇంకా ఆకాశంలోనే ఉంటారు. ఒక్క రోజు ప్యాక్ డాలస్ చేరకముందే ముగిసింది. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి రోజుకు ఇంత డేటా అని ఇచ్చే ప్యాక్‌లో కోటా అక్కడ మధ్యాహ్నం 1.30కో, 12.30కో కొత్తగా మొదలవుతుంది. పొద్దున్నే కోటా అయిపోయిందని కంగారు పడేవాళ్లకు కారణం ఇదే కావచ్చు.

అందుకే దోహాలో విమానాశ్రయం వైఫై వాడుకుని, సిమ్‌ను ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచేస్తే మంచిది. గడియారం డాలస్‌లోనే మొదలవుతుంది. ఇది ప్యాక్ మొదటి వాడకంతో మొదలయ్యే రకం అయితేనే సుమా. తేదీ ఎంచుకునే రకం అయితే డాలస్‌లో దిగే సమయం మన కాలమానంలో ఏ తేదీ అవుతుందో చూసుకోవాలి. పై ఉదాహరణలో డాలస్‌లో సాయంత్రం 5 అంటే మనకు మర్నాడు తెల్లవారుజాము 3.30.

ఏరోప్లేన్ మోడ్ మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. కొన్ని విమానాల్లో ఆకాశంలో కూడా మొబైల్ నెట్‌వర్క్ దొరుకుతుంది. అది కింద ఉన్న ఏ దేశానిదీ కాదు. ఏరోమొబైల్, సీటా ఆన్ఎయిర్ లాంటి ప్రత్యేక కంపెనీలది. ఉపగ్రహం ద్వారా వెళ్తుంది కాబట్టి ధర చాలా ఎక్కువ. దేశాల ప్యాక్ దీనికి చెల్లదు, విమాన ప్యాక్ అని వేరే ఉంటుంది. విహార నౌకల్లోనూ ఇంతే. ఫోన్‌కు మాత్రం ఆ తేడా తెలియదు, దొరికిన సిగ్నల్‌ను పట్టుకుంటుంది.

5 జీబీ ఎటు పోతుంది

ఆయన ప్యాక్ పది రోజులకు 5 జీబీ అనుకుందాం. మార్కెట్లో ఈ కొలతలో ప్యాక్‌లు ఉన్నాయి. ఇక్కడ రోజుకు 2 జీబీకి అలవాటుపడిన మనిషికి అది రెండున్నర రోజుల డేటా. అక్కడ పది రోజులు రావాలి, అంటే రోజుకు అర జీబీ.

మ్యాపులు, మెసేజ్‌లు, కాసిన్ని వార్తలకు అర జీబీ ధారాళంగా సరిపోతుంది. వాట్సాప్ ఆడియో కాల్‌కు నిమిషానికి ఒక ఎంబీ లోపే అవుతుంది. డేటాను మింగేసేది వీడియో. హెచ్‌డీలో ఒక గంట సినిమా చూస్తే 3 జీబీ వరకు పోవచ్చు. అంతకంటే చాటుగా పోయేది ఫొటోల బ్యాకప్. ఐఫోన్‌లో 4కే వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ఒక్క నిమిషం తీస్తే సుమారు 170 ఎంబీ. మనవడి పుట్టినరోజున అరగంట వీడియో తీసి, అది మొబైల్ డేటా మీదే క్లౌడ్‌లోకి వెళ్లడం మొదలైతే, మొత్తం ప్యాక్ ఆ సాయంత్రమే ఖాళీ. బయల్దేరేముందు బ్యాకప్‌ను, యాప్ అప్‌డేట్లను ‘వైఫైలో మాత్రమే’ అని మార్చుకుంటే ఈ గొడవ ఉండదు.

5 జీబీ అయిపోయాక ఏమవుతుందన్నది ప్యాక్ కొనేటప్పుడు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న. నా దృష్టిలో ధర కంటే ఇదే ముఖ్యం. మూడు రకాలుగా జరగవచ్చు. డేటా ఆగిపోవచ్చు. లేదా వేగం కుదించుకుపోయి మెసేజ్‌లు తప్ప మరేమీ తెరుచుకోకపోవచ్చు. ‘అన్‌లిమిటెడ్’ అని అమ్మే ప్యాక్‌లలో చాలావాటికి సన్న అక్షరాల్లో ఉండేది ఇదే. మూడో రకంలో, ఎంబీకి ఇంత అనే విడి ధర మళ్లీ మొదలవుతుంది. ఈ మూడోది కాదని నిర్ధారించుకున్నాకే పోస్ట్‌పెయిడ్ ఫోన్‌తో విమానం ఎక్కాలి.

డేటా ఉన్నా నెట్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదు కూడా తరచూ వింటాం. తప్పు అక్కడి టవర్‌ది కాకపోవచ్చు. రోమింగ్‌లో మన డేటా సాధారణంగా నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. డాలస్ టవర్ నుంచి భారత్‌లోని మన ఆపరేటర్ గేట్‌వేకి వచ్చి, అక్కణ్నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. డాలస్‌లోనే ఉన్న ఒక సర్వర్‌లోని పేజీ తెరవాలన్నా, అభ్యర్థన భారత్ వచ్చి తిరిగి డాలస్ వెళ్తుంది. జవాబూ అదే దారిలో వస్తుంది. దూరం ఒకవైపు సుమారు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నాలుగుసార్లు ఆ దూరం తిరగడానికి కనీసం 280 మిల్లీసెకన్లు. ఎంత మంచి 5జీ టవర్ ఉన్నా ఈ ఆలస్యం పోదు.

ఇదే దారి వల్ల కొన్ని లాభాలూ ఉన్నాయి. మన ఫోన్ ఇంటర్నెట్‌కు భారత్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. ఇక్కడి ఓటీటీ యాప్‌లు, కొన్ని ప్రభుత్వ సైట్లు, విదేశీ వైఫైలో తెరుచుకోనివి రోమింగ్ డేటాలో తెరుచుకుంటాయి. చైనా వెళ్లిన వ్యాపారులకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడి సిమ్‌లో, హోటల్ వైఫైలో గూగుల్, వాట్సాప్ పనిచేయవు. భారతీయ సిమ్ రోమింగ్‌లో పనిచేస్తాయి.

కాల్ వచ్చినా ఖర్చే

విజయవాడలో ఉన్న తమ్ముడు ఆయన నంబరుకు ఫోన్ చేశాడు. అన్న అమెరికాలో ఉన్నాడని తమ్ముడి ఆపరేటర్‌కు తెలియదు. అతనికి అది మామూలు లోకల్ కాల్. భారత్ నుంచి డాలస్ వరకు ఆ కాల్‌ను మోసిన ఖర్చు ఎత్తుకున్న ఆయనది. ప్యాక్‌లో నిమిషాలు ఉంటే అందులోంచి పోతాయి, లేకపోతే విడి ధర. రోజుకు నాలుగు మార్కెటింగ్ కాల్స్ ఎత్తినా నిమిషాలు పోతాయి. ఎత్తకపోతే సాధారణంగా చార్జీ ఉండదు. అయితే ఎత్తనప్పుడు వేరే నంబరుకు మళ్లేలా కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే కథ మారుతుంది. కాల్ డాలస్ దాకా వచ్చి, మళ్లీ భారత్‌కు తిరిగి వెళ్తుంది. రెండు అంతర్జాతీయ ప్రయాణాలకూ చార్జీ పడవచ్చు. వెళ్లేముందు ఫార్వర్డింగ్ తీసేయడం మేలు.

ప్యాక్‌లో 100 నిమిషాలు అని రాసి ఉంటే అది సాధారణంగా వచ్చే కాల్స్, ఉన్న దేశంలో చేసే లోకల్ కాల్స్, భారత్‌కు చేసే కాల్స్ మూడింటికీ కలిపి. డాలస్ నుంచి లండన్‌లో ఉన్న కొడుక్కి చేస్తే అందులోకి రాకపోవచ్చు. బ్యాంకుల 1800 టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి కలవకపోవచ్చు. కార్డు పోతే బ్లాక్ చేయించడానికి +91తో మొదలయ్యే నంబరును బ్యాంకు సైట్‌లో చూసి ముందే రాసిపెట్టుకోవాలి.

అమెరికాకు వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, వెరైజన్ మూడూ 2022లో తమ 3జీ నెట్‌వర్క్‌లను మూసేశాయి. 4జీ మీద కాల్ వెళ్లాలంటే ఫోన్లో వోల్ట్ ఉండాలి, అది రోమింగ్‌లో పనిచేయడానికి రెండు ఆపరేటర్ల మధ్య ఒప్పందమూ ఉండాలి. పాత ఫోన్‌తో వెళ్తే డేటా వస్తుంది కానీ కాల్స్ కలవవు, కొన్నిసార్లు మెసేజ్‌లూ రావు. అన్నీ కట్టి, అన్నీ ఆన్ చేసి కూడా ఓటీపీ రానప్పుడు అనుమానించాల్సింది దీన్నే. ‘అమ్మ దగ్గర పాత ఫోన్ చాలులే’ అనుకునే పిల్లలు ఈ ఒక్క విషయం సరిచూసుకోవాలి.

డేటా ఇవ్వకపోయినా ప్రాణం నిలిపేది ఆ ప్లానే

ఇక ఆవిడ ఫోన్. డాలస్‌లో ఇంట్లో వైఫై ఉంది. డేటా మీట ఆఫ్, రోమింగ్ సేవ ఆన్. మొదటి నెల ఓటీపీలు వచ్చాయి. దాదాపు రెండో నెల చివర్లో హఠాత్తుగా రావడం ఆగిపోయాయి. ఎవరికీ కారణం అంతుచిక్కదు. జరిగింది చాలా మామూలు విషయం. వెళ్లడానికి నెల ముందు వేయించిన 84 రోజుల రీఛార్జ్ గడువు అయిపోయింది.

సొంత ప్లాన్ విదేశంలో డేటా ఇవ్వదు, కాల్స్ ఇవ్వదు. కానీ నంబరు బతికి ఉండేది దానితోనే. ప్రీపెయిడ్‌లో రోమింగ్ ప్యాక్ ఉన్నా సరే, కింద మామూలు ప్లాన్ గడువు నడుస్తూ ఉండాలి. లేకపోతే కొందరు ఆపరేటర్ల ప్యాక్ కూడా పనిచేయదు. గడువు ముగిస్తే ముందు అవుట్‌గోయింగ్ పోతుంది, కొన్నాళ్లకు ఇన్‌కమింగ్, దాంతోపాటే ఓటీపీ. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకపోతేనే ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయవచ్చు. రద్దయిన నంబరును కనీసం మరో 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత అది వేరే మనిషికి వెళ్లవచ్చు. అప్పుడు ఆవిడ డిపాజిట్ల తాలూకు మెసేజ్‌లు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్లో మోగుతాయి. నంబరు పోయాక బ్యాంకులో మార్పించాలంటే చాలాసార్లు మనిషి బ్రాంచికి వెళ్లాలి.

అందుకే అయిదు నెలల ప్రయాణానికి, వెళ్లేరోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా, ఆపైన ఓ నెల అదనంగా, సొంత ప్లాన్ గడువు ఉండాలి. 365 రోజుల ప్లాన్ వేయించుకోవడం ఒక మార్గం. డేటా ఎక్కువున్నది తీసుకోనక్కర్లేదు, గడువు ఎక్కువున్నది చాలు. పోస్ట్‌పెయిడ్ ఆయనకు ఈ బెంగ లేదు. కానీ నెలనెలా బిల్లు కట్టాలి. అమెరికాలో ఉండి ఆ బిల్లు కట్టడం మరిచిపోతే ఫలితం అదే.

ఈ జంట ఏం కొని ఉండాల్సింది?

ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి గుండు అంకెలతో చూద్దాం. 30 రోజుల ప్యాక్ 4,000 రూపాయలు అనుకుంటే, అయిదు నెలలకు ఒక్కొక్కరికి 20,000. ఇద్దరికీ 40,000. వైఫై ఉన్న ఇంట్లో అయిదు నెలలు కూర్చునేవాళ్లకు ఇది దండగ.

వాళ్లకు నిజంగా రోమింగ్ డేటా కావాల్సింది దిగిన సాయంత్రం, ఇంటికి చేరేదాకా. ఒక్కరి ఫోన్లో చిన్న ప్యాక్ ఉంటే చాలు. మరొకరు హాట్‌స్పాట్ ద్వారా వాడుకోవచ్చు, ప్యాక్ షరతుల్లో దానికి అడ్డు లేకపోతే. మర్నాడు కూతురి ప్లాన్‌లోనే ఒక అదనపు లైను తీసి, ఫోన్లో రెండో సిమ్‌గానో ఈసిమ్‌గానో పెట్టేయాలి. డేటా ఆ సిమ్‌కు, భారత సిమ్ ఓటీపీకి మాత్రమే. ఇక్కడ ఫోన్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా ఏ సిమ్‌ది అన్నది జాగ్రత్తగా చూడాలి. ఒక సిమ్ సిగ్నల్ తగ్గితే రెండోదానికి మారిపోయే సౌకర్యం ఉంటుంది, దాన్ని ఆపేయాలి. లేకపోతే బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి వెళ్లినప్పుడల్లా భారత సిమ్ డేటా నడుస్తుంది.

అదే వారం పది రోజుల పర్యటన అయితే లెక్క వేరు. రోజుకో ఊరు, హోటల్ వైఫై అంతంతమాత్రం, మూడు నాలుగు దేశాలు. అక్కడ పది రోజుల ప్యాక్ దాని ధరకు న్యాయం చేస్తుంది. లోకల్ సిమ్ కోసం పాస్‌పోర్టు పట్టుకుని దుకాణం వెతికే బాధ ఉండదు, సొంత నంబరు పనిచేస్తుంది. చూడాల్సిందల్లా ప్యాక్ జాబితాలో వెళ్లే దేశాలన్నీ ఉన్నాయా అని. యూరప్ అని రాసి ఉన్నా స్విట్జర్లాండ్ ఉందో లేదో విడిగా చూడాలి. కొన్ని ప్యాక్‌లు ఒక దేశంలో ఒకటి రెండు కంపెనీల నెట్‌వర్క్‌లోనే చెల్లుతాయి. ఫోన్ వేరేదాన్ని పట్టుకుంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, చెప్పిన కంపెనీని ఎంచుకోవాలి.

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు నేపాల్ వెళ్లే మనవాళ్లకు ఇంకో మాట. సునౌలీ లాంటి సరిహద్దు ఊళ్లలో, ఇంకా మన వైపే ఉండగా ఫోన్ నేపాల్ టవర్‌ను పట్టుకోవచ్చు. టవర్ ఏ దేశానిదో దాన్ని బట్టే చార్జీ, మనిషి ఏ దేశంలో నిలబడ్డాడన్నది లెక్కలోకి రాదు. సరిహద్దు దగ్గర కూడా నెట్‌వర్క్‌ను మాన్యువల్‌లో పెట్టుకోవడమే మందు.

ప్లాన్ నిజంగా ప్రయాణించే చోటు

సొంత ప్లాన్ సరిహద్దు దాటడం అసాధ్యమేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి అలాగే జరుగుతోంది. జర్మనీ సిమ్ ఉన్న విద్యార్థి పారిస్ వెళ్లినా, రోమ్ వెళ్లినా ఇంట్లో ఉన్నట్టే కాల్స్, డేటా వాడుకుంటాడు. చాలా ఎక్కువ డేటా ఉన్న ప్లాన్లకు ఒక న్యాయమైన పరిమితి ఉంటుంది. ఈ నిబంధనను 2032 దాకా పొడిగించారు. అది సాధ్యమైంది ఎందుకంటే అక్కడ ప్రభుత్వాలు కంపెనీల మధ్య టోకు ధరకే గరిష్ఠ పరిమితి పెట్టాయి. స్విట్జర్లాండ్ ఆ ఏర్పాటులో లేదు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌కూ ఆ హామీ పోయింది, అక్కడి కంపెనీలు కొన్ని మళ్లీ చార్జీలు పెట్టాయి. భారతీయ సిమ్‌కు మాత్రం ఈ నియమంతో సంబంధం లేదు. అది అక్కడి సిమ్‌ల కోసం అక్కడివాళ్లు చేసుకున్నది.

అమెరికాలో చట్టం లేకపోయినా పోటీ వల్ల కొంత జరిగింది. టీ-మొబైల్ 2013లోనే వందకు పైగా దేశాల్లో అదనపు చార్జీ లేకుండా, తక్కువ వేగంతో డేటా ఇవ్వడం మొదలుపెట్టింది. డాలస్ కూతురు సెలవులకు విజయవాడ వస్తే తన అమెరికా నంబరు మీదే మ్యాప్ చూసుకోగలగడం వెనక ఉన్నది ఇలాంటి ప్లానే. అమ్మ డాలస్ వెళ్తే మాత్రం ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర అంతర్జాతీయ రోమింగ్ ధరలను ట్రాయ్ నిర్ణయించదు, ఆపరేటర్లకే వదిలేసింది. ఊహించని బిల్లుల సమస్య మీద 2020 మే నెలలో ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. మన ఆపరేటర్లు ప్యాక్‌ల పేర్లు, దేశాల జాబితాలు, రోజుల కొలతలు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటున్నారు. రోజు అంటే 24 గంటలా, మన అర్ధరాత్రా అన్న చిన్న విషయంలో కూడా అందరికీ ఒకే నిర్వచనం లేదు. ధరకు పరిమితి పెట్టడానికి రెండు దేశాల ఒప్పందం కావాలి, సరే. రోజుకు ఒక నిర్వచనం పెట్టడానికి, కోటా అయిపోతే విడి ధర మొదలు కాకుండా డేటా ఆపేయాలని చెప్పడానికి ఖతార్‌తోనో అమెరికాతోనో మాట్లాడాల్సిన పని లేదు.